62 శాతం ఉండగానే ఆగిపోయిందా? లిథియం బ్యాటరీలో ఎంత మిగిలిందో సరిగ్గా చూసే పద్ధతి, బీఎంఎస్ చేసే పని

ఉద్దానంలో ఇన్వర్టర్‌కి, తోటలో సోలార్‌కి లిథియం బ్యాటరీ పెట్టుకున్నవాళ్ల దగ్గర నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకటే మాట. "యాప్‌లో సగం పైనే చూపిస్తోంది, కానీ కరెంటు పోయిన పది నిమిషాలకే ఆగిపోయింది. బ్యాటరీ పోయినట్టేనా?" చాలాసార్లు బ్యాటరీ పోదు. చూపించే అంకె తప్పు, లేదా మనం దాన్ని చదివే పద్ధతి తప్పు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి రోజుల్లో బ్యాటరీలో నిజంగా ఎంత మిగిలిందో తెలియకపోతే చాలా ఇబ్బంది పడతాం. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ రాసేదంతా ఒకే రకం బ్యాటరీ గురించి: 12.8 వోల్టులు, 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఇళ్లలో, తోటల్లో ఇప్పుడు ఎక్కువగా పెడుతున్నది ఇదే. లోపల 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరుసగా కలిపి ఉంటాయి. మీ బ్యాటరీ మీద 25.6 అని ఉంటే 8 సెల్స్, 51.2 అని ఉంటే 16 సెల్స్. కింద చెప్పిన ప్యాక్ వోల్టేజ్‌ని రెండుతోనో నాలుగుతోనో గుణించుకోండి. ఒక్కో సెల్ లెక్క మారదు. ఫోన్లలో, చాలా స్కూటర్లలో ఉండే లిథియం వేరే రకం. దాని సెల్ నిండితే 4.2 వోల్టులు ఉంటుంది. ఈ అంకెలు దానికి పనికిరావు.

ఏం కావాలి

- మల్టీమీటర్. మామూలుది చాలు, కానీ దాని పొరపాటు ఎంతో తెలిసి ఉండాలి. అది రెండో మెట్టులో చెబుతాను.
- డీసీ కొలిచే క్లాంప్ మీటర్. కొనేటప్పుడు జాగ్రత్తగా చూడండి. తక్కువ ధరకు వచ్చే క్లాంప్ మీటర్లలో చాలా వాటికి క్లాంప్‌తో ఏసీ కరెంటు మాత్రమే తెలుస్తుంది. దాన్ని బ్యాటరీ తీగకు తగిలిస్తే ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది.
- బ్యాటరీకి బ్లూటూత్ ఉంటే దాని యాప్. లేకపోతే తీగలో పోయే కరెంటు కొలిచే షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్ ఒకటి పెట్టుకోవచ్చు.
- లిథియంకి తగిన చార్జర్, లేదా లిథియం సెట్టింగ్ ఉన్న ఇన్వర్టర్.
- ఒక నోటు పుస్తకం. ఇది లేకుండా మిగతావి ఉన్నా లాభం లేదు.

పని మొదలుపెట్టే ముందు ఉంగరం, కడియం, ఇనుప పట్టీ వాచీ తీసేయండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. ఈ బ్యాటరీ టెర్మినల్స్ మధ్య స్పానర్ పడితే అది అక్కడే అతుక్కుని ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ లోపల ఉండే కాపలా బోర్డు, అంటే బీఎంఎస్, చాలా వేగంగా కట్ చేస్తుంది, నిజమే. కానీ మీ చేతిని దాని మీద పందెం కాయకండి.

1. ముందుగా పాత అలవాటు వదలండి

ట్యూబులర్ బ్యాటరీతో పదేళ్లు గడిపినవాళ్లకు ఒక అంకె మనసులో ముద్ర పడిపోయి ఉంటుంది: 12.7, 12.8 ఉంటే ఫుల్, 12.2 ఉంటే సగం. లెడ్ బ్యాటరీకి అది సరైన లెక్కే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి అదే 12.8 అంటే దాదాపు అడుగంటినట్టు, సుమారు 15 శాతం.

పాత ఇన్వర్టర్ మీద ఉండే ఆకుపచ్చ లైట్ల వరుస కూడా లెడ్ బ్యాటరీ లెక్కతో తయారైనదే. లిథియం పెట్టాక అది చివరిదాకా ఫుల్ అనే చూపించి, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ లైట్లను అసలు చూడకండి. వీలైతే వాటి మీద ఒక స్టిక్కర్ అంటించేయండి. ఇంట్లో పెద్దవాళ్లు వాటినే నమ్ముతారు.

2. వోల్టేజ్ చూడండి, కానీ రెండు చివరల్లోనే నమ్మండి

చార్జింగ్ ఆపి, లోడ్ అంతా తీసేసి, కనీసం రెండు గంటలు వదిలేయండి. తర్వాత మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి బ్యాటరీ టెర్మినల్స్ మీదే కొలవండి. తీగ చివర కొలవకండి. వచ్చే అంకెను సుమారుగా ఇలా అర్థం చేసుకోవచ్చు:

- 13.4 లేదా పైన: దాదాపు నిండుగా ఉంది
- 13.2: 60 నుంచి 75 శాతం మధ్య ఎక్కడో
- 13.1: 40, 50 దగ్గర
- 12.9: సుమారు 20
- 12.5 కంటే కింద: 10, 15 శాతం లోపే, వెంటనే చార్జింగ్ పెట్టాలి
- 10.0: ఖాళీ

ఇప్పుడు మధ్యలో ఉన్న రెండు వరసలు మళ్లీ చూడండి. 13.1కీ 13.2కీ మధ్య తేడా పదో వంతు వోల్టు. దాని వెనుక 20, 30 శాతం చార్జ్ దాగి ఉంది. మామూలు మల్టీమీటర్‌కి అర శాతం పొరపాటు ఉండటం సహజం. 13.2లో అర శాతం అంటే 0.07 వోల్టు. చివరి అంకెలో వచ్చే ఒకటి రెండు అటూ ఇటూ కలిపితే 0.09 దాకా పోతుంది. అంటే మీ మీటర్ పొరపాటే 40 శాతాన్ని 65గా చూపించగలదు. మీటర్ చెడిపోలేదు, మీరూ తప్పు చేయలేదు. ఈ రసాయనం తీరే అంత. 20 నుంచి 90 శాతం దాకా వోల్టేజ్ చెరువు నీటి మట్టంలా చదునుగా ఉంటుంది, రెండు చివరల్లోనే నిటారుగా లేస్తుంది, పడుతుంది.

కాబట్టి వోల్టేజ్‌ని రెండు ప్రశ్నలకు మాత్రమే వాడండి: నిండిందా, అడుగంటిందా? మధ్యలో ఎంత ఉందని దాన్ని అడగకండి.

లోడ్ మీద కొలవడం ఇంకో పొరపాటు. మోటారో మిక్సీయో తిరుగుతుండగా 30 ఆంపియర్లు లాగుతుంటే వోల్టేజ్ 0.3 దాకా పడిపోవచ్చు. చార్జింగ్‌లో ఉండగా కొలిస్తే అంతే పైకి కనిపిస్తుంది. చార్జింగ్‌లో 13.6 చూసి నిండిపోయిందని తీసేసేవాళ్లు చాలామంది. నిజానికి అప్పటికి సగమే ఎక్కి ఉండొచ్చు.

3. యాప్ శాతం ఎలా వస్తుందో తెలుసుకోండి

యాప్‌లో `SOC` అని చూపించే శాతం ఎక్కువగా వోల్టేజ్ నుంచి వచ్చేది కాదు, అది లెక్క. లోపలికి వెళ్లిన ఆంపియర్లు కూడి, బయటికి వచ్చినవి తీసేసి, బీఎంఎస్ ఒక ఖాతా రాసుకుంటుంది. కిరాణా కొట్టు ఖాతాలాంటిదే. రాసింది సరిగ్గా ఉంటే బాకీ సరిగ్గా ఉంటుంది. ఏదైనా రాయడం మరిచిపోతే ఆ తప్పు రోజూ పెరుగుతూనే ఉంటుంది.

మరిచిపోయేది చిన్న కరెంట్లను. 100 ఆంపియర్లు కొలవడానికి చేసిన బీఎంఎస్‌లలో చాలావాటికి అర ఆంపియర్, ఒక ఆంపియర్ లోపు కరెంటు తెలియదు. యాప్‌లో `0.00A` అని ఉంటుంది, కానీ ఇన్వర్టర్ ఖాళీగా ఆన్‌లో ఉన్నా ఆ కొంచెం లాగుతూనే ఉంటుంది.

ఖాతా మళ్లీ సరిపడేది ఎక్కువగా ఒక్క సందర్భంలోనే: బ్యాటరీ పూర్తిగా నిండి, బీఎంఎస్ దాన్ని చూసి 100 అని రాసుకున్నప్పుడు. వారం దాటినా పూర్తిగా నిండకపోతే ఆ శాతాన్ని నమ్మకండి.

4. నిజంగా నింపండి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టండి

చార్జర్ 14.2 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి. ఆ వోల్టేజ్‌కి చేరగానే తీసేయకండి. అక్కడే నిలబడి, కరెంటు తగ్గుతూ తగ్గుతూ 5 ఆంపియర్లకు వస్తే అప్పుడు నిండినట్టు. 100 ఏహెచ్‌లో ఇరవయ్యో వంతు అని గుర్తుంచుకోండి. 200 ఏహెచ్ అయితే 10 ఆంపియర్లు.

10 ఆంపియర్ల చార్జర్‌కి ఈ సూచన సరిపోతుంది. మీ చార్జర్ ఇచ్చేదే 5 ఆంపియర్లయితే అది తగ్గడం చూడలేరు. అప్పుడు 14.2 చేరాక ఇంకో గంట ఉంచండి.

ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉంటే అదే పెట్టండి. లేకపోతే చూడాల్సినవి మూడు. చార్జింగ్ 14.4 దాటకూడదు. నిండాక నిలబెట్టే ఫ్లోట్ వోల్టేజ్ 13.5 దగ్గర ఉండాలి. ఈక్వలైజేషన్ పూర్తిగా ఆపేయాలి. ట్యూబులర్ బ్యాటరీ ఆరోగ్యానికని పెట్టిన ఆ ఈక్వలైజేషన్ 15 వోల్టులు, ఇంకా పైకి కూడా తీసుకెళ్తుంది. నాలుగు సెల్స్‌కి పంచితే ఒక్కోదానికి 3.75. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌కి హద్దు 3.65. ఈ ఒక్క సెట్టింగ్ మార్చడం మరిచిపోయి తర్వాత చార్జింగ్ మధ్యలో ఆగిపోతోందని బాధపడేవాళ్లను ఎందరినో చూశాను.

5. క్లాంప్ మీటర్‌తో కనపడని ఖర్చు పట్టుకోండి

బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లే ఒక్క తీగను మాత్రమే క్లాంప్‌లో పెట్టండి. రెండూ కలిపి పెడితే ఒకదాన్నొకటి రద్దు చేసుకుని సున్నా వస్తుంది. తీగ పెట్టే ముందు మీటర్ మీద జీరో బటన్ నొక్కండి. డీసీ క్లాంప్ పక్కనున్న అయస్కాంతానికీ, భూమి అయస్కాంత శక్తికీ కూడా కదులుతుంది. నొక్కకపోతే ఊరికే అర ఆంపియర్ చూపించవచ్చు.

ఇంట్లో అన్నీ ఆపి, ఇన్వర్టర్ మాత్రం ఆన్‌లో ఉంచి చూడండి. వచ్చిన అంకెనూ, అదే సమయంలో యాప్ చూపిన అంకెనూ పక్కపక్కన రాసుకోండి.

క్లాంప్ లేదని మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌తో ఇన్వర్టర్ తీగ మధ్యలో పెట్టకండి. ఇన్వర్టర్ కలిపిన క్షణంలో దాని కెపాసిటర్లు ఒక్కసారిగా లాగే కరెంటుకి మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

తోటలో జరిగింది

వజ్రపుకొత్తూరు వైపు ఒక కొబ్బరి తోటలోని ఇంటి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అరవై రెండు సూపించి ఆగిపోనాదేటి బాబూ?" అని అడిగారు. సోలార్ ప్యానెల్, చిన్న ఇన్వర్టర్, 100 ఏహెచ్ బ్యాటరీ, నాలుగు బల్బులు, ఒక ఫ్యాన్. పన్నెండు రోజులుగా ముసురు. బ్యాటరీ ఒక్క రోజూ పూర్తిగా నిండలేదు.

నేను వెళ్లేసరికి బ్యాటరీ టెర్మినల్స్ మీద మల్టీమీటర్ దాదాపు సున్నా చూపించింది. అంటే సెల్స్ చచ్చాయని కాదు, బీఎంఎస్ తలుపు మూసిందని అర్థం. యాప్ మాత్రం లోపలి సెల్స్‌ని చూపించింది:

```
Cell 1  3.02 V
Cell 2  3.03 V
Cell 3  2.74 V
Cell 4  3.01 V
SOC     62 %
```

సెల్ వోల్టేజ్ 3.0 దగ్గర ఉన్న బ్యాటరీలో 62 శాతం ఉండటం కుదరదు. ఈ రెండు వరసలు ఒకేచోట కనబడితే శాతాన్ని పక్కన పెట్టి సెల్స్‌నే నమ్మాలి. బ్యాటరీ నిజంగానే ఖాళీ అయింది. మూడో సెల్ అందరికంటే ముందు 2.5కి పడింది, బీఎంఎస్ ఆపింది, లోడ్ పోయాక అది కొంచెం తేరుకుని 2.74కి వచ్చింది.

మరి 62 ఎక్కడిది? బ్యాటరీకి కొంచెం చార్జ్ ఎక్కించి బీఎంఎస్ తెరుచుకున్నాక అయిదో మెట్టులో చెప్పిన కొలత చేశాను. క్లాంప్ మీటర్‌లో 0.6 ఆంపియర్, యాప్‌లో సున్నా. ఆయన రాత్రి పదింటికి అన్నీ ఆపి పడుకుంటారు, ఉదయం ఆరింటికి లేస్తారు. ఆ ఎనిమిది గంటలూ ఇన్వర్టర్ ఆన్‌లోనే ఉంటుంది. రాత్రికి 4.8 ఏహెచ్. పన్నెండు రాత్రులకు 57.6, అంటే 100 ఏహెచ్ బ్యాటరీలో దాదాపు 58 శాతం. యాప్ చెప్పిన 62లోంచి 58 తీసేయండి, మిగిలేది 4. సెల్స్ చెబుతున్నదీ అదే.

పగలు ప్యానెల్ నుంచి వచ్చేదీ, సాయంత్రం ఫ్యాన్ లాగేదీ పెద్ద కరెంట్లు కాబట్టి సరిగ్గానే రాసుకుంది. రాత్రి జారిపోయింది మాత్రమే ఖాతాలోకి రాలేదు.

చార్జింగ్ 10 ఆంపియర్లతో పెట్టాం. నాలుగు గంటల్లో యాప్ 99కి చేరి అక్కడే ఆగిపోయింది. కానీ కరెంటు ఇంకా 10 ఆంపియర్లే, సెల్స్ 3.3 చిల్లరలోనే ఉన్నాయి. 99 అన్నాక కూడా ఆ తర్వాత అయిదు గంటలకు పైగా లోపలికి వెళ్తూనే ఉంది. మీకూ ఇలా కనిపిస్తే ఖాతా ఎంత తప్పిందో అక్కడే తెలిసిపోతుంది. దయచేసి 99 చూసి ప్లగ్ పీకకండి. పీకితే సరిపడాల్సిన లెక్క సరిపడకుండానే మిగిలిపోతుంది.

6. సెల్స్ తేడాను నిండేటప్పుడు చూడండి

సెల్స్ మధ్య తేడాను మధ్యలో చూసి ఏమీ చెప్పలేం. వోల్టేజ్ చదునుగా ఉన్నచోట 30 శాతం ఉన్న సెల్‌కీ 50 శాతం ఉన్న సెల్‌కీ పెద్ద తేడా కనిపించదు. అన్నీ 3.29, 3.30 అని ముద్దుగా కనిపిస్తాయి. అందుకే 14 దాటాక చూడాలి.

ఆ తోట బ్యాటరీ ప్యాక్ 14.14 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు సెల్స్ ఇలా ఉన్నాయి: 3.58, 3.56, 3.43, 3.57. మూడోది కింద కూడా వెనుకబడింది, పైన కూడా వెనుకబడింది. అంటే దానిలో మిగతా వాటికంటే కొంచెం తక్కువ చార్జ్ ఉంది, అంతే. సెల్ మంచిదే, సమం చేస్తే సరిపోతుంది. అలా కాకుండా కింద అందరికంటే ముందు ఖాళీ అయిన సెల్లే పైన కూడా అందరికంటే ముందు నిండిపోతే, దాని సామర్థ్యమే తగ్గిపోయిందని అర్థం. అప్పుడు ఎంత సమం చేసినా లాభం లేదు, వారంటీ ఉంటే అప్పుడే అడగండి.

సమం చేయడానికి ఓపిక కావాలి. మామూలు బీఎంఎస్ ఎక్కువ ఉన్న సెల్స్ నుంచి 50 మిల్లీఆంపియర్ల లాంటి చిన్న కరెంటుని వేడిగా వదిలేసి మిగతావాటిని అందుకోనిస్తుంది. అదీ సాధారణంగా సెల్ 3.4 దాటాకే మొదలవుతుంది. 5 ఏహెచ్ తేడా ఉంటే 50 మిల్లీఆంపియర్లతో 100 గంటలు పడుతుంది. ఒక్క రాత్రి చార్జింగ్ పెట్టి "ఇంకా సరి కాలేదు" అని కంగారు పడకండి. ఆ ఇంట్లో లైను కరెంటు మీద చార్జర్ నాలుగైదు రోజులు వదిలేశాం. చివరకు తేడా 0.02కి వచ్చింది. సెల్స్ బయటికి కనిపించే ప్యాక్ అయితే, పని తెలిసినవాళ్లు వెనుకబడిన సెల్‌కి ఒక్కదానికే 3.6 వోల్టుల పవర్ సప్లయ్ పెట్టి త్వరగా ముగిస్తారు. మూసి ఉన్న ప్యాక్‌ని దీనికోసం కోయకండి.

7. బీఎంఎస్ ఎందుకు ఆపిందో చదవండి

బీఎంఎస్ అంటే ప్యాక్ లోపల ఉండే కాపలా బోర్డు. మొత్తం ప్యాక్‌ని కాదు, ఒక్కో సెల్‌ని విడివిడిగా చూస్తుంది. దాని విలువ అక్కడే ఉంది. ఇన్వర్టర్‌కి 12 వోల్టులు బాగానే కనిపిస్తున్నా, అందులో ఒక సెల్ 2.4కి పడిపోయి ఉండొచ్చు. అది ఇన్వర్టర్‌కి తెలియదు, బీఎంఎస్‌కి తెలుస్తుంది.

ఏదైనా సెల్ 3.65 దాటితే చార్జింగ్ వైపు మూస్తుంది. కంపెనీని బట్టి 3.75 దాకా కూడా పెడతారు. దాటనిస్తే లోపలి ద్రవం విడిపోయి గ్యాస్ పుట్టి సెల్ ఉబ్బుతుంది. చార్జింగ్ వైపు మూసినప్పుడు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవచ్చు, ఎక్కించలేం.

ఏదైనా సెల్ 2.5 కిందికి వస్తే బయటికి ఇచ్చే వైపు మూస్తుంది. ఇంకా కిందికి పోనిస్తే లోపల ఉన్న రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి పేరుకుని సెల్ లోపలే షార్ట్ చేయగలదు. అందుకే రెండు వోల్టుల కంటే కిందికి పోయి రోజుల తరబడి అలాగే ఉండిపోయిన సెల్‌ని బలవంతంగా లేపకండి. పైకి లేచినా దాన్ని ఇంట్లో పెట్టుకోవడం మంచిది కాదు.

కరెంటు హద్దు దాటితే కొన్ని క్షణాలు చూసి ఆపుతుంది, షార్ట్ అయితే సెకనులో వెయ్యో వంతు కూడా ఆగదు. మోటారు స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే ఆగిపోతుంటే కారణం ఇదే, చార్జ్ తక్కువై కాదు. వేడి 60 డిగ్రీల ప్రాంతంలో ఆపుతుంది. వేసవిలో రేకుల షెడ్డులో పెట్టిన బ్యాటరీ మధ్యాహ్నం చార్జింగ్ తీసుకోకపోతే ముందు అక్కడ చెయ్యి పెట్టి చూడండి. సున్నా డిగ్రీల కింద చార్జింగ్ కూడా ఆపుతుంది. అది మన ఊళ్లలో జరిగేది కాదు కాబట్టి వదిలేద్దాం.

ఇక బ్యాటరీ ఆగిపోయి టెర్మినల్స్ మీద సున్నా వస్తే ఇలా చేయండి. ముందు లోడ్ మొత్తం తీసేయండి. యాప్ పనిచేస్తే సెల్స్ చూడండి. తర్వాత చార్జర్ పెట్టండి. చాలా బీఎంఎస్‌లు చార్జర్ తగలగానే మళ్లీ తెరుచుకుంటాయి. కొన్ని చార్జర్లు బ్యాటరీ వోల్టేజ్ కనబడితే గానీ మొదలవ్వవు. సున్నా చూసి అవీ ఊరుకుంటాయి. అప్పుడు బ్యాటరీకి యాక్టివేషన్ బటన్ ఉంటే నొక్కండి, లేదా ఆ చూసే పద్ధతి లేని లిథియం చార్జర్ వాడండి. ఇదంతా ఆ రోజో మర్నాడో చేయాలి. వాకిలి మూసినా బీఎంఎస్ తన కోసం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. ఖాళీ బ్యాటరీని నెల రోజులు మూలన పెడితే ఆ కొంచెమే సెల్‌ని చంపుతుంది.

బీఎంఎస్‌ని తప్పించి సెల్స్ నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. "అది అడ్డం పడుతోందన్నా, డైరెక్ట్ ఇచ్చేశాను" అని ఒక కుర్రాడు చూపించిన ప్యాక్‌లో నాలుగింట రెండు సెల్స్ ఉబ్బి ఉన్నాయి. అడ్డం పడటమే దాని పని.

బీఎంఎస్ చూడలేనివి

కాపలా బోర్డుకి సెల్స్ తెలుసు, బయట ఏం జరుగుతోందో తెలియదు. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు గాలికి టెర్మినల్ మీద ఆకుపచ్చ బూజు పడుతుంది, బోల్టు వదులవుతుంది, అక్కడ వేడెక్కుతుంది. బీఎంఎస్‌కి అది కనిపించదు. దీన్ని కనిపెట్టడం తేలిక. 20 ఆంపియర్ల లోడ్ పెట్టి, మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ టెర్మినల్ మీద, ఇంకోటి దానికి బిగించిన తీగ లగ్ మీద పెట్టండి. కొన్ని మిల్లీవోల్టులు రావాలి. 100 మిల్లీవోల్టులు వస్తే అక్కడ 2 వాట్ల వేడి పుడుతున్నట్టు. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించండి.

వరద నీటి నుంచి కూడా బీఎంఎస్ కాపాడదు. బ్యాటరీని నేల మీద కాకుండా కిటికీ ఎత్తులో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యంగా, బీఎంఎస్ లోపల తలుపుల్లా పనిచేసే మాస్‌ఫెట్ స్విచ్‌లు చెడిపోతే చాలాసార్లు కరెంటు పోయేలా తెరుచుకునే ఉండిపోతాయి. అప్పుడు ఆపేవాళ్లే ఉండరు. అందుకే రోజూ బీఎంఎస్ చేత ఆపించకండి. దాని కంటే ముందే ఇన్వర్టర్ ఆగేలా లో-కట్‌ని 12.0 వోల్టుల దగ్గర పెట్టండి. లెడ్ కోసం పెట్టిన 10.5 అలాగే వదిలేస్తే, సెల్‌కి సగటున 2.6 పడుతుంది. ఆలోపే బలహీనమైన సెల్ 2.5 దాటిపోతుంది.

8. సరి చేశాక పరీక్షించండి

నిండిన బ్యాటరీ మీద స్థిరమైన లోడ్ పెట్టి, గడియారం చూసుకుని, ఇన్వర్టర్ తనంతట తాను ఆగేదాకా వదలండి. గంటకోసారి క్లాంప్ మీటర్ అంకె, యాప్ శాతం రెండూ రాయండి. ఫ్రిజ్ పనికిరాదు, అది ఆగి ఆగి నడుస్తుంది. ఫ్యాన్లు, బల్బులు మంచివి.

ఆ తోట ఇంట్లో 9.8 ఆంపియర్ల లోడ్ 9 గంటల 20 నిమిషాలు నడిచింది. 9.8ని 9.33తో గుణిస్తే 91 చిల్లర ఏహెచ్. ఆగేసరికి యాప్‌లో 8 మిగిలి ఉంది. 91కి 8 కలిపితే 99, అంటే ఖాతా సరిపడింది, బ్యాటరీ సామర్థ్యమూ నిలిచింది. మీకు ఏహెచ్ 90 వచ్చి యాప్‌లో 35 మిగిలితే, బ్యాటరీ బాగుంది, లెక్కే తప్పు. 60కే ఆగిపోయి సెల్స్ నిజంగా అడుగంటితే, సామర్థ్యం తగ్గింది లేదా ఒక సెల్ వెనుకబడింది. ఆరో మెట్టుకి వెళ్లండి.

ఎన్ని గంటలు వస్తుందో ముందే అంచనా వేయాలంటే, 12.8ని 100తో గుణిస్తే 1280 వాట్-అవర్. ఇన్వర్టర్‌లో పోయేది తీసేస్తే సుమారు 1090. పాత ఫ్యాన్లు రెండు, బల్బులు నాలుగు, టీవీ కలిపి 246 వాట్లు అయితే నాలుగున్నర గంటల లోపే. ఎవరైనా ఇదే లోడ్ మీద ఎనిమిది గంటలు వస్తుందని అమ్మితే నమ్మకండి.

పెద్దాయనకు నేను చెప్పి వచ్చినవి రెండే. రాత్రి పడుకునే ముందు ఇన్వర్టర్ స్విచ్ కూడా ఆపమన్నాను. ముసురు పట్టి వారం దాటితే, లైను కరెంటు ఉన్న రోజు చూసి ఒకసారి చార్జర్‌తో పూర్తిగా నింపి, యాప్ 100 చూపినప్పుడు 14.2 పైన ఉందో లేదో మీటర్ పెట్టి చూడమన్నాను. ఆయన ఆ తేదీలు ఇప్పుడు గోడ క్యాలెండర్ మీద రాస్తున్నారు. కిందటిసారి ఫోన్ చేసినప్పుడు యాప్‌లో 41 ఉందని, సెల్స్ నాలుగూ 3.27 మీద ఉన్నాయని చదివి వినిపించారు.